మీటర్ విప్పినా నీళ్లు ఆగకూడదంటే: మెయిన్ వాల్వ్, బైపాస్, యూనియన్లతో వాటర్ మీటర్ బిగించే పద్ధతి

వాటర్ మీటర్‌ని ఎప్పుడో ఒకప్పుడు విప్పక తప్పదు. లోపలి జల్లెడ మట్టితో మూసుకుపోతుంది, అంకెల చక్రం ఆగిపోతుంది, లేదా పరీక్షకు పంపాల్సి వస్తుంది. ఆ రోజు పైపు కొయ్యకుండా, ఇంట్లో కుళాయిలు ఆగకుండా పని జరగాలంటే ఆ ఏర్పాటు బిగించేటప్పుడే ఉండాలి. మీటర్ బిగించడం పెద్ద కష్టమేమీ కాదు. దాన్ని మళ్లీ విప్పగలిగేలా బిగించడమే అసలు పని. ఈ వ్యాసమంతా దాని గురించే.

ముందుగా ఒక్క మాట. నీళ్లు సరఫరా చేసే సంస్థ బిల్లు వేయడానికి పెట్టే మీటర్ అయితే దాని చుట్టూ సొంతంగా బైపాస్, అంటే మీటర్‌ని తప్పించి నీళ్లు పోయే పక్కదారి, వేయకూడదు. బైపాస్‌లో పోయిన నీరు లెక్కలోకి రాదు కాబట్టి చాలా చోట్ల దాన్ని నీటి దొంగతనంగానే చూస్తారు. రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. అనుమతిచ్చినా బైపాస్ వాల్వ్‌కి వాళ్లే సీలు వేస్తారు. ఇక్కడ చెప్పేది అలాంటి అనుమతి ఉన్నచోటికి, లేదంటే మీ లైన్‌లో మీ లెక్క కోసం మీరు పెట్టుకునే మీటర్‌కి.

నాలుగు వాల్వులు, వాటి వరస

నీళ్లు వచ్చే వైపు నుంచి చూస్తే మొదట మెయిన్ వాల్వ్ ఉంటుంది. దాని తర్వాత ఒక టీ, అక్కడ దారి రెండుగా చీలుతుంది. తిన్నగా వెళ్లే దారిలో ముందు వాల్వ్, నట్టు తిప్పి విడదీయగలిగే జాయింట్ అయిన యూనియన్, మీటర్, మళ్లీ యూనియన్, లోపలి నీళ్లు వదిలేయడానికి ఒక చిన్న డ్రెయిన్ కాక్, చివర వెనక వాల్వ్ వస్తాయి. పక్కకి తిరిగే దారిలో బైపాస్ వాల్వ్ ఒక్కటే ఉంటుంది. రెండు దారులూ రెండో టీ దగ్గర కలిసి ఇంట్లోకి వెళ్తాయి.

ఇందులో ఎక్కువమంది వదిలేసేది వెనక వాల్వ్‌ని. "నీళ్లు ముందు నుంచే కదా వస్తాయి, వెనక వాల్వ్ ఎందుకు?" అనుకుంటారు. ముందు వాల్వ్ కట్టేసి, బైపాస్ తెరిచి, మీటర్ విప్పి చూడండి. బైపాస్‌లోంచి వచ్చిన నీరు రెండో టీ దగ్గర ఇంటివైపు పోవడమే కాదు, వెనక్కి తిరిగి విప్పిన యూనియన్‌లోంచి కూడా బయటకి చిమ్ముతుంది. వెనక వాల్వ్ లేకపోతే ఖర్చుపెట్టి వేసిన బైపాస్ మీటర్ విప్పే రోజున పనికిరాదు.

మెయిన్ వాల్వ్ మొదటి టీకి ముందే ఉండాలి. అది టీ తర్వాత ఉంటే ఇంట్లో పైపు పగిలినప్పుడు బైపాస్ వాల్వ్ కూడా మూసి ఉందో లేదో వెతుక్కోవాలి. ఆ టెన్షన్‌లో ఒక్క పిడి తిప్పితే మొత్తం ఆగిపోవాలి.

నాలుగింటికీ లోపలి దారి పైపంత వెడల్పు ఉండే ఫుల్ బోర్ బాల్ వాల్వులే వాడండి. గేట్ వాల్వ్‌ని ఏళ్ల తరబడి తిప్పకపోతే బిగుసుకుపోతుంది, లోపలి పలక కింద మట్టి చేరి పూర్తిగా మూసుకోదు. మీటర్ విప్పేటప్పుడు సన్నటి ధార కూడా ఇబ్బందే. బాల్ వాల్వ్ పావు చుట్టుతో మూసుకుంటుంది కాబట్టి నెమ్మదిగా తిప్పాలి. టక్కున మూస్తే పైపులో దెబ్బ కొట్టిన శబ్దం వస్తుంది, ఆ ఒత్తిడి మీటర్ మీదా పడుతుంది. పిడి గోడకి తగలకుండా పూర్తిగా తిరిగేంత చోటుందో లేదో కొలిచి చూసుకోండి.

ఎక్కడ, ఎంత పొడవు

మీటర్‌లో ఎప్పుడూ నిండా నీళ్లుండాలి. లైన్‌లో ఎత్తైన చోట పెడితే అక్కడ గాలి చేరుతుంది, ఆ గాలికి కూడా చక్రం తిరిగి లెక్క పెరుగుతుంది. అందుకే చుట్టూ ఉన్న పైపు కంటే కిందో, కనీసం సమానంగానో ఉండే చోటు ఎంచుకోండి. మామూలు రెక్కల చక్రం మీటర్ అయితే అడ్డంగా, అంకెలు పైకి కనిపించేలా పెట్టాలి. పక్కకి వంచితే తక్కువ ప్రవాహంలో చక్రం సరిగా తిరగదు. నిలువుగానూ పెట్టొచ్చని మీటర్ మీద రాసి ఉంటే తప్ప నిలువు పైపులో పెట్టకండి.

మీటర్‌కి ముందూ వెనకా కొంత తిన్నటి పైపు కావాలి. ఎల్బోలోంచో టీలోంచో వచ్చిన నీరు సుడి తిరుగుతూ వస్తుంది. ఆ సుడి తగ్గకముందే రెక్కల్ని తాకితే లెక్క తప్పుతుంది. ఎంత కావాలో చాలా మీటర్ల ముఖం మీదే ఉంటుంది. యూ10, డీ5 అని ఉంటే ముందు పైపు వ్యాసానికి పది రెట్లు, వెనక ఐదు రెట్లు అని అర్థం. యూ0, డీ0 అని ఉంటే ఆ అవసరం లేదు.

ఒక కేసు తీసుకుని లెక్క వేద్దాం. 20 మిల్లీమీటర్ల మీటర్, బాడీ పొడవు 190 మిల్లీమీటర్లు, గుర్తు యూ10, డీ5. ముందు 200, వెనక 100 మిల్లీమీటర్ల తిన్నటి పైపు కావాలి. యూనియన్ నట్టులోంచి వచ్చే పొట్టి గొట్టం, అంటే టెయిల్ పీస్, ఈ పొడవులోనే కలిసిపోతుంది. మీటర్ 190, రెండు వైపులా 2 మిల్లీమీటర్ల చొప్పున వాషర్లు, మొత్తం 194. అన్నీ కలిపితే ముందు వాల్వ్ నుంచి వెనక వాల్వ్ వరకు 494 మిల్లీమీటర్లు. వాల్వులు, వాటిని టీలకి కలిపే నిపుల్స్ కూడా చేరిస్తే రెండు టీల మధ్య దాదాపు 80 సెంటీమీటర్లు పడుతుంది. ఇంత గోడ ఉందో లేదో పైపు కొయ్యకముందే చూసుకోవాలి. మీటర్ బాడీ పొడవులు ఒకేలా ఉండవు కాబట్టి మీటర్ చేతికొచ్చాకే కొలతలు తీయండి.

యూనియన్ అసలు రహస్యం: ఆ 194 మిల్లీమీటర్లు

మీటర్ రెండు చివర్లా ఉండే నట్టు, టెయిల్ పీస్ కలిసి ఒక యూనియనే. ఇక్కడ సీలు చేసేది మర కాదు, రెండు చదునైన ముఖాల మధ్య నలిగే వాషర్. దీనివల్ల పెద్ద సౌకర్యం ఉంది. రెండు నట్లూ వదులు చేసి టెయిల్ పీస్‌ల మీదికి వెనక్కి జరిపితే మీటర్ పక్కకి జారి బయటికి వచ్చేస్తుంది, పైపుని కదపక్కర్లేదు. అదే మామూలు ఇనప యూనియన్‌లో ఒక సగం ముఖం ఏటవాలుగా ఉండి రెండో సగంలోకి దూరి కూర్చుంటుంది. దాన్ని విడదీయాలంటే పైపులు కొన్ని మిల్లీమీటర్లు ఎడం జరగాలి. రెండు వైపులా క్లాంపులతో గోడకి బిగించిన పైపు జరగదు. అందుకే మీటర్ పక్కన చదును ముఖం యూనియన్లే ఉండాలి.

ఇక మీటర్, వాషర్లు కూర్చోవాల్సిన ఆ 194 మిల్లీమీటర్ల ఖాళీ సంగతి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాని వాషర్ సర్దుకుంటుంది. ఐదు మిల్లీమీటర్లు ఎక్కువైతే చాలామంది చేసే పని నట్టు బిగించి పైపుని లాగడం. ఆ రోజుకి కారడం ఆగుతుంది. కానీ పైపు వెనక్కి లాగుతూనే ఉంటుంది, కొన్నాళ్లకి ప్లాస్టిక్ మీటర్ అయితే మర మొదట్లో సన్నటి పగులు వస్తుంది. ఖాళీ తక్కువైతే మీటర్‌ని నెట్టి దూర్చాలి, అప్పుడు వాషర్ ఒక పక్కకి మడతపడుతుంది. ఇంకో చిక్కు, రెండు పైపులూ ఒకే గీతలో లేకపోవడం. ఖాళీ సరిగ్గా ఉన్నా ఒక చివర కాస్త పైకుంటే నట్టు మొదటి చుట్టులోనే అడ్డం పడుతుంది. నట్టు చేత్తో మూడు నాలుగు చుట్లు సులువుగా తిరగకపోతే స్పానర్ అందుకోకండి, పైపుని సరిచేయండి.

ఈ కొలత తప్పకుండా ఉండాలంటే మీటర్ బదులు డమ్మీ పెట్టి లైన్ కట్టాలి. సరిగ్గా మీటర్ పొడవే ఉండి, రెండు చివర్లా అదే మర ఉన్న గొట్టం ముక్క అది. కొన్ని మీటర్ల సెట్లలో ప్లాస్టిక్ డమ్మీ ఇస్తారు. లేకపోతే చేయించుకోవచ్చు. ఒకటి గుర్తుపెట్టుకోండి, 20 మిల్లీమీటర్ల మీటర్ మీద ఉండే మర ముప్పావు అంగుళం కాదు, ఒక అంగుళం. 15 మిల్లీమీటర్ల మీటర్‌కి ముప్పావు అంగుళం ఉంటుంది. డమ్మీ చివర్లు చదునుగా ఉండాలి, లేకపోతే వాషర్ కూర్చోదు. పని అయ్యాక డమ్మీని పారేయకండి, మీటర్ పక్కనే కట్టి ఉంచండి. మీటర్ పరీక్షకి వెళ్లినప్పుడు మళ్లీ అదే పనికొస్తుంది.

కట్టే వరస

బయటి సరఫరా ఆపి, ఇంట్లో అన్నిటికంటే కింద ఉన్న కుళాయి తెరిచి లైన్ ఖాళీ చేయండి. పైపు కొయ్యకముందే మొత్తం కూర్పుని నేల మీద పొడిగా, జిగురు లేకుండా పేర్చుకోండి. డమ్మీ, రెండు వాషర్లు, నట్లు, వాల్వులు, టీలు అన్నీ చోట్లో పెట్టి రెండు చివర్ల మధ్య దూరం కొలిచి, అప్పుడు గోడ మీద గుర్తు పెట్టండి. టీలోకి, వాల్వ్‌లోకి పైపు దూరే లోతుని కూడా లెక్కలో కలపాలి. మొదటిసారి చేసేవాళ్లు దీన్ని మర్చిపోతుంటారు.

మర ఉన్న జాయింట్లు ముందు చేసుకోండి. ఏటవాలు మర ఉన్నచోట టెఫ్లాన్ టేపుని మర తిరిగే దిశలోనే చుట్టండి. యూనియన్ నట్టు మర మీద మాత్రం టేపు చుట్టకూడదు. అక్కడ సీలు వాషర్‌ది, టేపు వల్ల నట్టు ముందే బిగుసుకుని వాషర్ సరిగా నలగదు. ప్లాస్టిక్ పైపు నుంచి ఇత్తడి వాల్వ్‌కి వెళ్లేచోట లోపలి మర ప్లాస్టిక్‌ది ఉండకూడదు, బిగిస్తే చీలుతుంది. ఇత్తడి మర పొదిగిన ఎడాప్టర్ వాడాలి.

తర్వాత జిగురు జాయింట్లు. ఇవి చేస్తున్నంతసేపూ మధ్యలో ఉండేది డమ్మీయే. జిగురు తడి లోపలికి కారి మీటర్ చక్రానికి అంటుకుంటే మీటర్ పోయినట్టే. లోహపు పైపులో టంకం పెట్టేటప్పుడు వచ్చే వేడికి కూడా అంతే. జిగురు ఎంతసేపు ఆరాలో డబ్బా మీద రాసినంతా ఆగండి, చలిగా ఉన్న రోజు ఇంకా ఎక్కువసేపు పడుతుంది.

రెండు వాల్వుల పక్కనా పైపుకి గట్టి క్లాంపులు వేయండి. ఇవి బరువు మోయడానికి మాత్రమే కాదు, నట్టు విప్పేటప్పుడు స్పానర్ తిప్పే బలం టీ జాయింట్ దాకా పోకుండా ఆపేవి ఇవే. బైపాస్ పైపుని వీలైనంత పొట్టిగా ఉంచండి. దాంట్లో నీళ్లు నెలల తరబడి కదలకుండా ఉంటాయి, పొడవు పెరిగేకొద్దీ ఆ నిల్వ నీరూ పెరుగుతుంది.

కడగడం, ఆ తర్వాతే మీటర్

డమ్మీ ఉండగానే బైపాస్ మూసి, మెయిన్, ముందు, వెనక వాల్వులు తెరిచి, దగ్గర్లో ఉన్న కుళాయిని జాలీ తీసి పూర్తి ధారతో వదలండి. నీరు తేటగా వచ్చాక ఇంకో రెండు మూడు నిమిషాలు పోనివ్వండి. కోసినప్పుడు రాలిన పొట్టు, టేపు పీలికలు ఇప్పుడే పోవాలి, లేదంటే నేరుగా మీటర్ జల్లెడలో చేరతాయి. బైపాస్‌నీ కాసేపు తెరిచి కడగండి. తర్వాత కుళాయి కట్టేసి, లైన్ ఒత్తిడిలో ఒక గంట ఉంచి ప్రతి జాయింట్‌కీ పొడి కాగితం చుట్టి చూడండి. సన్నగా చెమ్మ పడితే కంటికి ఆనదు కానీ కాగితం చెప్పేస్తుంది.

ఇప్పుడు ముందు, వెనక వాల్వులు మూసి, డ్రెయిన్ కాక్ తెరిచి నీళ్లు వదిలేశాక డమ్మీ విప్పి మీటర్ పెట్టండి. బాణం గుర్తు నీరు పోయే వైపు చూడాలి. కొత్త వాషర్లు వేసి, నట్లు చేత్తో పూర్తిగా బిగించి, ఆపై స్పానర్‌తో పావు చుట్టు, మహా అయితే అర చుట్టు. ఇంకో చేత్తో మీటర్ బాడీని కదలకుండా పట్టుకోండి. అతిగా బిగిస్తే వాషర్ నలిగి లోపలి దారిలోకి పొడుచుకొస్తుంది. బయటికి ఏమీ కారదు, కానీ నీటి దారికి అడ్డుపడి లెక్కని చెడగొడుతుంది.

నీళ్లు నింపేటప్పుడు తొందర పనికిరాదు. వెనక వాల్వ్ మూసి, డ్రెయిన్ కాక్ తెరిచి, ముందు వాల్వ్‌ని కొద్దిగా మాత్రమే తిప్పండి. ఖాళీ మీటర్‌లోంచి గాలి ఒక్కసారిగా దూసుకుపోతే చక్రం మామూలు కంటే చాలా వేగంగా తిరిగి లోపలి ఇరుసు అరుగుతుంది. బుడగలు ఆగి ధార నిలకడగా వచ్చాక కాక్ మూసి, ముందు వాల్వ్ పూర్తిగా తెరిచి, చివర్లో వెనక వాల్వ్‌ని మెల్లగా తెరవండి. ముందు, వెనక వాల్వులు సగం తెరిచి వదిలేయకండి, ఆ సుడి కూడా లెక్కని తప్పిస్తుంది.

విప్పే రోజు

రీడింగ్ ఫోటో తీసుకోండి. బైపాస్ వాల్వ్ మొదట తెరవండి, తర్వాత ముందు వాల్వ్, వెనక వాల్వ్ మూయండి. వరస మారితే ఇంట్లో కొన్ని క్షణాలు నీళ్లు ఆగుతాయి, అంతే. తర్వాత డ్రెయిన్ కాక్ తెరవాలి. కాసిన్ని నీళ్లు వచ్చి ఆగిపోవాలి. ఆగకుండా వస్తుంటే రెండు వాల్వుల్లో ఏదో ఒకటి పూర్తిగా మూసుకోలేదు, నట్టు జోలికి వెళ్లకండి. ఆగితే కింద బకెట్ పెట్టి నట్లు విప్పండి. బైపాస్‌లో ఇన్నాళ్లూ నిలిచిన నీళ్లు పోవడానికి తోట కుళాయినో బాత్రూం కుళాయినో కాసేపు వదిలి, ఆ తర్వాత వంటకీ తాగడానికీ వాడండి.

లోహపు పైపులున్న పాత ఇళ్లలో ఒక ప్రమాదం ఉంది. కొన్నిచోట్ల కరెంటు ఎర్తింగ్ ఆ నీళ్ల పైపుకే కలిపి ఉంటుంది. మీటర్ విప్పగానే ఆ దారి తెగుతుంది, రెండు చివర్లనీ రెండు చేతులతో పట్టుకున్నవాడికి షాక్ కొట్టొచ్చు. అలాంటి చోట విప్పకముందే మీటర్‌కి అటూ ఇటూ పైపుకి క్లాంపులతో లావుపాటి రాగి తీగ కలిపి ఉండాలి. దాన్ని ఎలక్ట్రీషియన్‌తో శాశ్వతంగా వేయించడం మంచిది.

బైపాస్ లోలోపల కారుతోందా?

ఈ ఏర్పాటులో కనిపించకుండా మోసం చేసేది బైపాస్ వాల్వే. దాని బాల్ కాస్త గీసుకుపోయి నీరు వదులుతుంటే బయట చుక్క కూడా పడదు. కుళాయిలన్నీ కట్టి మీటర్ మీది చిన్న నక్షత్రం గుర్తు తిరుగుతోందో లేదో చూసే మామూలు పరీక్షకీ ఇది దొరకదు. కారణం తేలికే. కుళాయిలు మూసి ఉంటే బైపాస్ వాల్వ్‌కి రెండు వైపులా ఒకే ఒత్తిడి ఉంటుంది, నీరు కదలదు. ఇంట్లో నీళ్లు వాడినప్పుడు మీటర్ గుండా పోయే నీరు కొంత ఒత్తిడి కోల్పోతుంది, ఆ తేడాయే బైపాస్‌లోంచి నీటిని నెడుతుంది. అంటే ఎంత ఎక్కువ వాడితే అంత ఎక్కువ లెక్క తప్పుతుంది.

పట్టుకోవాలంటే బైపాస్ మూసి ఉంచి వెనక వాల్వ్‌ని కూడా మూయండి. ఇంట్లో ఒక కింది కుళాయి తెరవండి. లైన్‌లో మిగిలినది కారిపోయి ధార పూర్తిగా ఆగిపోవాలి. ఆగకపోతే మీటర్ నక్షత్రాన్ని చూడండి. అది తిరుగుతుంటే నీరు వెనక వాల్వ్‌లోంచి వస్తోంది. కదలకుండా ఉందీ, కుళాయి మాత్రం కారుతోందీ అంటే తప్పు బైపాస్ వాల్వ్‌ది. పై ట్యాంకు నుంచి కింది కుళాయికి వేరే లైన్ కలిసి ఉంటే ముందు దాన్ని మూయాలి, లేకపోతే ఫలితం తికమకగా ఉంటుంది.

ఎంత పోతోందో కూడా తెలుసుకోవచ్చు. ఇంట్లో పెద్ద ధారతో బకెట్ నింపి తూకం వేయండి, బకెట్ బరువు తీసేస్తే కిలోకి ఒక లీటరు. ఉదాహరణకి బకెట్‌లో 20 లీటర్లు వచ్చి మీటర్ 17 మాత్రమే కదిలిందనుకోండి. మీటర్ పాడైందా, బైపాస్ వదులుతోందా? వెనక వాల్వ్ మూసి, ఈసారి డ్రెయిన్ కాక్ నుంచి 20 లీటర్లు పట్టండి. ఈ నీరు మీటర్ గుండానే రావాలి, బైపాస్ నీరు దీంట్లో కలవడానికి దారి లేదు. ఇప్పుడు మీటర్ 20 లేదా దానికి అటూ ఇటూ అర లీటరు లోపు చూపిస్తే మీటర్ నిక్షేపంలా ఉంది, పోయిన 3 లీటర్లు బైపాస్‌వి. కాక్ దగ్గరా 17 చూపిస్తే అప్పుడు మీటర్ జల్లెడా చక్రమూ చూడాలి. కాక్ చిన్నది కాబట్టి ధార మరీ సన్నగా ఉంటే ఫలితం నమ్మకండి. బాగా తక్కువ ప్రవాహంలో మంచి మీటర్ కూడా తక్కువ చూపిస్తుంది. అందుకే ఆ కాక్ అర అంగుళానిది పెట్టుకోవడం మేలు.

లైన్ పెద్దదైతే బైపాస్‌లో ఒకటికి రెండు వాల్వులు వేసి, మధ్యలో సన్నటి కాక్‌ని తెరిచి ఉంచడం ఇంకా మంచి పద్ధతి. మొదటి వాల్వ్ వదిలినా, రెండోది వెనక్కి వదిలినా ఆ నీరు కాక్‌లోంచి చుక్కలుగా బయటికి వచ్చి కంటపడుతుంది. బైపాస్ వాడే రోజున మాత్రం ఆ కాక్‌ని ముందుగా మూసుకోవాలి. ఇల్లు మాత్రమే అయితే ఒక్క వాల్వ్ చాలు. ఆరు నెలలకోసారి నాలుగు వాల్వుల్నీ ఒకసారి మూసి తెరుస్తూ ఉంటే బిగుసుకుపోవు. ఆ రోజే పైన చెప్పిన కుళాయి పరీక్ష కూడా చేసేస్తే సరిపోతుంది. బైపాస్ పిడిని తీసి పక్కన వేలాడదీయండి, పిల్లలో పనివాళ్లో పొరపాటున తిప్పరు.